తలుపు తీసేముందు చున్నీ వెతుక్కోనక్కరలేని నైటీ

ప్రశ్న: ఇంట్లో వేసుకున్న బట్టలతోనే డెలివరీ వాళ్ళకు తలుపు తీయడానికి, కిందికి వెళ్ళి పాలప్యాకెట్ తెచ్చుకోవడానికి మొహమాటపడకుండా ఉండాలంటే ఎలాంటివి కొనాలి? ప్రతిసారీ చున్నీ వెతుక్కోలేక విసుగొస్తోంది.

నైటీని వదిలేసి టీషర్టు, పైజామాలకు మారమని చాలామంది చెబుతారు గానీ, ఏప్రిల్ నెలలో వంటింట్లో గంటసేపు నిలబడినవారెవరూ ఆ సలహా ఇవ్వరని నా అభిప్రాయం. తప్పు నైటీది కాదు, మనకు అమ్ముతున్న గుడ్డది, కుట్టుది.

మేము కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో ఉంటాము. రెండేళ్ళ క్రితం ఒక ఉదయం గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఫోన్‌కు వచ్చిన కోడ్ చెబితేనే సిలిండర్ దింపుతానని ఆ అబ్బాయి అన్నాడు. ఫోన్ పడకగదిలో ఛార్జింగులో ఉంది, చున్నీ ఎక్కడుందో తెలియదు. రెండూ దొరికేసరికి అతను సిలిండర్‌తో లిఫ్ట్ ఎక్కేశాడు. ఫోన్‌ను అక్కడే బల్లమీద పెట్టి, చున్నీ కప్పుకొని బయటికి పరుగెత్తగానే వెనుక తలుపు దానంతట అదే మూసుకొని తాళం పడింది. తాళంచెవులు లోపల, ఫోన్ లోపల, మావారు ఆఫీసులో. ఎదురింటి పిన్నిగారి ఫోన్ తీసుకొని ఆయనకు కబురు చెప్పి, వారి హాల్లో గంటన్నర కూర్చున్నాను. ఆ రోజే వారింటికి పెళ్ళివారు వచ్చి ఉన్నారు. నేనేమో మోకాలి దగ్గర పసుపు మరకతో, నాలుగేళ్ళ నాటి నైటీలో ఉన్నాను. పిన్నిగారు తరువాత ఎంతో మృదువుగా, “అమ్మాయీ, ఆ బాల్కనీ వెలుగుకు ఎదురుగా నిలబడకు” అన్నారు.

ఆ మాటలోనే అసలు విషయం ఉంది. మా ఫ్లాటులో ముఖద్వారానికి సరిగ్గా ఎదురుగా బాల్కనీ ఉంది. తలుపు తీసిన మనిషికి వెలుగు వెనుకనుంచి పడుతుంది కనుక లోపలి ఆకారమంతా బయటివారికి కనబడుతుంది. అద్దం ముందు చూసుకున్నప్పుడు వెలుగు ముందునుంచి వస్తుంది కాబట్టి మనకు ఆ సంగతి తెలియదు. అందుకే ఇప్పుడు ఏ నైటీ తెచ్చినా పొద్దున పదింటికి బాల్కనీ గ్రిల్లుకు తగిలించి, గుడ్డ వెనుక మా అమ్మాయిని చెయ్యి పెట్టమని, గుమ్మం బయటినుంచి చూస్తాను. వేళ్ళు లెక్కపెట్టగలిగితే అది పడకగదికే పరిమితం. కొత్తలో నెగ్గిన గుడ్డ కూడా ఉతుకులకు పలచబడుతుంది కనుక ఆరు నెలలకొకసారి మళ్ళీ చూడాలి.

మెరిసే జారుడు గుడ్డ మరకలు పట్టదు గానీ చెమటకు ఒంటికి అతుక్కుంటుంది. రేయాన్ హాయిగా ఉంటుంది గానీ తడిస్తే బరువెక్కి వేలాడుతుంది. నాకు కుదిరింది కాస్త దళసరి కేంబ్రిక్ నూలు గుడ్డ, అదీ మధ్యరకం రంగుమీద చిన్న పువ్వులు ఒత్తుగా ఉన్నది. లేత రంగుమీద పసుపు కనబడుతుంది, ముదురు రంగుమీద పిండి కనబడుతుంది.

దుకాణాల్లో “లౌంజ్‌వేర్” అని పేరు మార్చి రెండింతల ధరకు అమ్మేవాటికి కూడా జేబు ఉండకపోవడం నాకు ఇప్పటికీ అర్థంకాదు. కాబట్టి గుడ్డ కొని కుట్టించుకోవడం మొదలుపెట్టాను. నూలు గుడ్డ కుంచించుకుపోతుంది కనుక దర్జీకి ఇచ్చేముందు ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. 56 అంగుళాల నైటీ నేల ఊడుస్తూ మెట్లమీద కాళ్ళకు అడ్డుపడుతుంది కనుక 50 అంగుళాలే పెట్టిస్తాను. చేతులు మోచేతివరకు ఉండాలి. కుడివైపు పక్కకుట్టులో జేబు ఉండాలి, అందులో ఫోన్ పూర్తిగా మునిగాక పైన రెండు వేళ్ళ చోటు మిగలాలి, లేకపోతే వంగినప్పుడు జారిపడుతుంది. తాళంచెవి కూడా అందులోనే. మెడ సంగతి అద్దం ముందు నిటారుగా నిలబడి తేల్చకూడదు. పార్సెల్ నేలమీద పెట్టి వెళ్ళేవారే ఎక్కువ కనుక, వంగి తీసుకుంటున్నట్టు చేసి చూడాలి.

2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో పగటిపూట ఆడవాళ్ళు నైటీ వేసుకొని బయటికి వస్తే రెండువేల రూపాయల జరిమానా అని పెద్దలు తీర్మానించిన వార్త వచ్చినప్పుడు నాకు ఒళ్ళుమండింది. బనీను, లుంగీతో వీధి చివరిదాకా వెళ్ళి పేపరు తెచ్చుకునే మగవారికి ఏ ఊళ్ళోనైనా జరిమానా వేసినట్టు నేను వినలేదు. అయినా ఆ పెద్దలకు కోపం తెప్పించినది బహుశా వెలుగుకు ఆగని ఆ పలచని గుడ్డే అయివుంటుందని నా అనుమానం.

నా దగ్గర ఇలా కుట్టించినవి రెండున్నాయి. వానాకాలంలో కేంబ్రిక్ మా బాల్కనీలో ఆరడానికి రోజున్నర పడుతోంది కాబట్టి రెండూ చాలడం లేదు. మూడోదానికి గుడ్డ నిన్న రాత్రే బకెట్టులో నానబెట్టాను.