నిమ్మకాయ పొడి కషాయం కాదు, అందులోనూ జ్వరం మాత్రే ఉంది

"యూకే వచ్చి నాలుగు నెలలైంది. జలుబు, జ్వరం. ఇక్కడి షాపులో కొన్న నిమ్మకాయ పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్నాను. ఒళ్లునొప్పులు తగ్గట్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో కూడా వేసుకోవచ్చా?"

వేసుకోకండి. ముందు ఆ పొడి డబ్బా తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. తర్వాత మిగతాది చదవండి.

నేను డాక్టర్ని కాను. బర్మింగ్‌హామ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, అకౌంట్స్ ఉద్యోగం. మా పిన్ని కొడుకు ఇక్కడే ఎమ్మెస్సీ చదువుతూ ముగ్గురు కుర్రాళ్లతో కలిసి ఒక ఇంట్లో ఉండేవాడు. ఒక జనవరిలో వాడికి ఫ్లూ వచ్చింది. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే "రాత్రంతా వాంతులక్కా, ఏమీ తినలేకపోతున్నా" అన్నాడు. చారూ అన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్లాను.

మంచం పక్కన సగం ఖాళీ అయిన డోలో 650 షీటు ఉంది. కిటికీ గట్టు మీద కప్పు, దాని అడుగున పసుపు పచ్చగా ఎండిపోయిన పొడి. చెత్తబుట్టలో చింపేసిన ప్యాకెట్లు. ఇదేంట్రా అంటే, "నిమ్మకాయ తేనె పొడి అక్కా, మన అల్లం కషాయంలాంటిది. డోలో మందు, ఇది ఊరికే గొంతుకి హాయిగా ఉంటుందని" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు గుండె జారిపోయింది. చింపిన ప్యాకెట్ల మీద చదవడానికి ఏమీ మిగల్లేదు, సరిగ్గా అక్షరాలున్న చోటే చింపాడు. చింపని ప్యాకెట్ ఒకటి సొరుగులో దొరికింది. ముందువైపు పొగలు కక్కే కప్పు, నిమ్మకాయ చెక్క, పెద్ద అక్షరాల్లో "మ్యాక్స్". వెనకవైపు ఫోన్ లైటు వేసి చూస్తే అప్పుడు కనిపించింది: డోలోలో ఉన్న మందే, పారాసెటమాల్ 1000 మిల్లీగ్రాములు. ఒక్క ప్యాకెట్‌లో. అంటే ఇక్కడ దొరికే 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసుకున్నట్టు.

మంచం మీదే కూర్చుని ముందురోజు పొద్దుటి నుంచి ఏమేం వేసుకున్నాడో ఒక్కొక్కటే అడిగి రాశాను. ఏడింటికి డోలో. తొమ్మిదిన్నరకి పొడి. ఒంటిగంటకి డోలో, రెండున్నరకి పొడి. సాయంత్రం ఏడింటికి డోలో, ఎనిమిదింటికి పొడి. పదకొండింటికి నిద్ర పట్టట్లేదంటే పక్కగది అబ్బాయి తన దగ్గరున్న రాత్రిపూట వేసుకునే ఫ్లూ మాత్రలు రెండు ఇచ్చాడు. వాటిలోనూ పారాసెటమాలే, ఒక్కోదానిలో 500. తెల్లవారుజామున మూడింటికి మళ్లీ డోలో.

కూడితే డోలో నాలుగు 2600, పొడి మూడు 3000, రాత్రి మాత్రలు 1000. మొత్తం 6600 మిల్లీగ్రాములు, ఇరవై గంటల్లో. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4000 దాటకూడదు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. ఇక్కడే నాకు ఎప్పటికీ బాధగా ఉండేది ఒకటుంది. ఏ డబ్బాకి ఆ డబ్బా చూస్తే వాడు తప్పు చేయలేదు. డోలో లెక్కలో హద్దులోనే ఉన్నాడు, పొడి లెక్కలోనూ హద్దులోనే ఉన్నాడు. రెండూ ఒకటే మందు అని తెలియకపోవడమే తప్పు.

ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సలహా నంబరు 111కి ఫోన్ చేశాను. బరువెంత, మొదటి మాత్ర ఎప్పుడు, చివరిది ఎప్పుడు అని అడిగి, ప్యాకెట్లన్నీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్నారు. వాడి బరువు 58 కిలోలు. అంటే కిలోకి దాదాపు 114 మిల్లీగ్రాములు పడ్డాయి. ఒక రోజులో కిలోకి 75 దాటితే ఇక్కడ ఆసుపత్రిలో చూపించుకోవాల్సిందేనట. రక్తంలో పారాసెటమాల్ ఎంతుందో, లివర్ ఎలా ఉందో, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో పరీక్షలు చేశారు. అన్ని మాత్రలూ ఒకేసారి మింగినవాళ్లకైతే రక్తంలో ఉన్న మోతాదు చూసి ప్రమాదం అంచనా వేసే గ్రాఫు ఒకటుందట. ఇలా రోజంతా కొంచెం కొంచెంగా పడినవాళ్లకి అది పనికిరాదని డాక్టరమ్మ చెప్పారు. అందుకే నేను రాసుకెళ్లిన టైముల కాగితం ఆవిడకి బాగా పనికొచ్చింది. ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు డ్రిప్‌లో పెట్టారు. సోమవారం సాయంత్రం ఇంటికి పంపించారు.

ఎందుకంత హడావిడి అని వాడి స్నేహితులు అడిగారు, మీక్కూడా ఆ సందేహం రావచ్చు. పారాసెటమాల్‌ని లివర్ చాలావరకు తేలిగ్గానే బయటికి పంపేస్తుంది. కొంచెం మాత్రం విషపదార్థంగా మారుతుంది, దాన్ని విరిచేయడానికి లివర్‌లో గ్లూటాథయోన్ అనేది ఉంటుంది. డోసు ఎక్కువైతే ఆ నిల్వ అయిపోతుంది. జ్వరంతో రెండు రోజులు తిండి మానేసినవాళ్లకి ఆ నిల్వ ముందే తగ్గిపోయి ఉంటుంది. మావాడు సరిగ్గా అలాగే ఉన్నాడు. డ్రిప్‌లో ఎక్కించే మందు ఆ నిల్వనే మళ్లీ నింపుతుంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. వికారం, వాంతులు ఉంటే ఉంటాయి, అవి ఫ్లూలోనూ ఉంటాయి. లివర్ దెబ్బతినడం ఎక్కువగా బయటపడేది మూడో రోజు, నాలుగో రోజు. అప్పటికి మనిషి "జ్వరం తగ్గిందిగా" అనుకుంటూ ఉంటాడు.

అసలు వాడు పొడి ఎందుకు కొన్నాడో చెప్పాలి. ఇక్కడున్న తెలుగువాళ్లందరం చెప్పుకునే మాటే: "జీపీ దగ్గరికెళితే దేనికైనా పారాసెటమాలే అంటారు, మందే ఇవ్వరు." దాంతో పారాసెటమాల్ అంటే మందే కాదన్న చిన్నచూపు మనలో పడిపోయింది. దానికన్నా గట్టిది ఏదైనా కావాలని షాపుకెళ్లి, పది రెట్లు మెరిసే డబ్బా తెచ్చుకుంటాం. ఆ డబ్బాలో ఉండేది కూడా అదే, పైన ముక్కుదిబ్బడకి కొంచెం ఫెనైలెఫ్రిన్, వాసన, చక్కెరో తీపి పదార్థమో. షాపు సొంత బ్రాండు పారాసెటమాల్ 16 మాత్రలు పౌండు లోపే వస్తాయి. అవి వేసుకుని ఇంట్లో నిమ్మకాయ పిండుకుని తాగండి, నా మాట వినండి.

ఇక్కడ మామూలు షాపుల్లో డబ్బాకి 16 మాత్రలు, మందుల షాపులో 32 అని 1998లోనే హద్దు పెట్టారు. సూపర్‌మార్కెట్లో రెండు డబ్బాలకి మించి బిల్లు కొట్టరు. మంచిదే. కానీ నలుగురు కుర్రాళ్లుండే ఇంట్లో నాలుగు సొరుగుల్లో ఏముందో ఏ కౌంటరు లెక్కపెడుతుంది? సూట్‌కేసులో అమ్మ పెట్టిన కవరు సంగతి ఏ షాపుకి తెలుస్తుంది?

ఆ కవరు సంగతి కూడా చెప్పాలి. మా పిన్ని జిప్ కవర్లో మాత్రలు పెట్టి, పెన్నుతో చీటీలు రాసి పంపింది: జ్వరం, జలుబు, గ్యాస్. ఊళ్లో మందుల షాపులో నాలుగు మాత్రలు అడిగితే షీటుని కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, "జలుబు" చీటీ ఉన్న ముక్క మీద పేరు సగమే మిగిలింది. వెనక్కి తిప్పి చూస్తే "మాల్ ఐ.పి. 500" వరకు కనిపించింది. అంటే జలుబు మాత్రలోనూ అదే. అదృష్టం బాగుండి వాడు అవి ముట్టుకోలేదు. అమ్మలందరికీ నా మనవి, మాత్రలు పంపితే పూర్తి షీటే పంపండి.

ఇక గుర్తుపట్టడం ఎలాగంటే, డబ్బా ముందువైపు చూడకండి. వెనక "యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్" లేదా "ఒక్కో ప్యాకెట్‌లో" అని ఉన్నచోట చదవండి. పొడిని బట్టి పారాసెటమాల్ 650 ఉండొచ్చు, 1000 ఉండొచ్చు. ఒకే బ్రాండులో మామూలు పొడికీ "మ్యాక్స్" పొడికీ తేడా ఉంటుంది, కాబట్టి పోయినసారి చూశాం కదా అనుకోవద్దు. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన మందైతే దాని మీద పారాసెటమాల్ అన్న మాటే ఉండదు, ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. మందు ఒకటే.

డబ్బా పారేసి, ప్యాకెట్ మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే నేను ఒకటే చూస్తాను. ఇది జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు తగ్గిస్తుందని ఎక్కడైనా ఉందా? నిమ్మకాయ, తేనె, విటమిన్ సి జ్వరాన్ని దించలేవు. ముక్కుదిబ్బడ మందు కూడా దించలేదు. జ్వరం దించుతానని చెప్పే పొడిలో దించే మందేదో ఉండి తీరాలి, ఆ పని చేసేది చాలావాటిలో పారాసెటమాలే. తేల్చుకోలేకపోతే ఆ ప్యాకెట్ పట్టుకెళ్లి మందుల షాపులో ఫార్మసిస్టుకి చూపించండి, అడిగినందుకు డబ్బులు తీసుకోరు.

మీ విషయానికొస్తే, కాగితం తీసుకుని నిన్న ఈ టైము నుంచి ఇప్పటిదాకా తాగిన ప్యాకెట్లు, వేసుకున్న మాత్రలు టైముతో సహా రాసి మిల్లీగ్రాములు కూడండి. 4000 దాటితే ఒంట్లో బాగానే ఉన్నా సరే ఇప్పుడే 111కి ఫోన్ చేయండి. మీ బరువు 50 కిలోల లోపైతే మీ హద్దు 4000 కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి లెక్క ఎంత వచ్చినా వాళ్లనో ఫార్మసిస్టునో అడగండి. దాటకపోతే పొడో, డోలోనో, ఏదో ఒకటే ఎంచుకుని రెండోది సొరుగులో పెట్టేయండి. చివరి ప్యాకెట్ తాగి నాలుగు గంటలు కాకుండా డోలో వేసుకోవద్దు. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఖాళీ ప్యాకెట్లు, డోలో షీటు, ఆ కాగితం మూడూ సంచిలో పెట్టుకుని వెళ్లండి.