గతం మరిచిన హీరో, కొత్తగా వచ్చిన ఆటగాడు

ప్రశ్న: చాలా గేముల్లో హీరోకి గతం గుర్తుండదు. ఆ లోకం గురించి మనకి చెప్పడానికి అది ఎలా పనికొస్తుంది?

ఆట మొదలయ్యేసరికి మనకి ఆ లోకం గురించి ఏమీ తెలియదు, కానీ అక్కడే పుట్టి పెరిగిన పాత్రకి అన్నీ తెలిసుండాలి. "ఈ ఊరిని ఎవరు పాలిస్తున్నారు?" అని అలాంటివాడు అడిగితే అసహజంగా ఉంటుంది. జ్ఞాపకం పోయినవాడు అడిగితే అది అతని అవసరం. అలా మన ప్రశ్నలే అతని ప్రశ్నలవుతాయి.

2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం' దీన్ని చాలా బాగా వాడుకుంది. అందులో డిటెక్టివ్ తాగిన మైకం వదిలి లేచేసరికి తన పేరు కూడా గుర్తుండదు. జాయిస్ అనే పాత్రని లోకం తీరు గురించే అడగొచ్చు, ఆమె ఓపిగ్గా చెబుతుంది. అయితే అంత చిన్న విషయాలు ఒక పోలీసు అడగడం ఎదుటివాళ్లకి వింతగానే ఉంటుంది. నా దృష్టిలో అసలు పనితనం అక్కడే ఉంది: సమాచారంతోపాటు చెప్పేవాళ్ల స్వభావమూ బయటపడుతుంది. పైగా ఇలాంటి ప్రశ్నలు చాలావరకు ఐచ్ఛికం, తొందరున్నవాళ్లు వదిలేసి ముందుకెళ్లొచ్చు.

ఎదుటివాళ్లు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా పేజీలకొద్దీ వివరిస్తే మాత్రం ఈ పద్ధతి దెబ్బతింటుంది. అప్పుడది సంభాషణలా ఉండదు, పాఠంలా ఉంటుంది. ఆటగాడు చదవకుండా బటన్ నొక్కుతూ పోతున్నాడంటే కారణం తరచూ ఇదే. ఒక్కో జవాబు రెండు మూడు వాక్యాల్లో ముగించి, ఇంకా కావాలంటే మళ్లీ అడిగేలా రాయాలి.