గాలి కూడా నిద్రపోవాలి: నిద్రవేళ కథ రాస్తున్న యువ రచయితకు లేఖ

ప్రియ మిత్రమా,

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల కోసం మీరు రాసిన నిద్రవేళ కథ వీడియో స్క్రిప్టు అందింది. ఒకసారి కళ్లతో చదివాను. రెండోసారి గదిలో దీపం తగ్గించి, పక్కన గడియారం పెట్టుకుని, పసిపిల్లకు చెబుతున్నట్టుగా పైకి చదివాను. కళ్లతో చదివినప్పుడు ముచ్చటగా అనిపించిన కథ పైకి చదివినప్పుడు నన్నే మేల్కొలిపింది. దానికి కారణమేమిటో, ఎలా సరిదిద్దవచ్చో వివరంగా రాస్తున్నాను.

మీ కథలో కుందేలు పిల్ల నిద్ర రాక ఐదుగురు నేస్తాల దగ్గరకు వెళ్తుంది. ఉడుత, కప్ప, పిచ్చుక, ముళ్లపంది, గుడ్లగూబ ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు, ఒక్కో చప్పుడు చేస్తారు. ప్రతి నేస్తం దగ్గరా కుందేలు ‘నాకెందుకు నిద్ర రావడం లేదు?’ అని అడుగుతుంది. పునరుక్తి ఉండాలని మీరు గ్రహించారు, ప్రశ్నను ఐదుసార్లు తెచ్చారు. అయితే మీ పునరుక్తి చదునైన నేల మీద నడుస్తోంది. ఐదో చరణం మొదటి చరణమంత పొడవుగా, అంత హుషారుగా ఉంది. నిద్రవేళ కథలో పునరుక్తి మెట్లు దిగినట్టు ఉండాలి. మారని పల్లవి ఒకటి ఉండాలి. దాని చుట్టూ ఉన్న మాటలు చరణం చరణానికీ తగ్గుతూ పోవాలి, తగ్గిన మాటల చోటును మౌనం నింపాలి.

చెప్పడం కంటే చేసి చూపడం మేలు కనుక మీ కథనే తీసుకుని, కుందేలుకు బదులు గాలిని నడిపించి చూశాను. గాలి ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి జోకొడుతుంది, అంతే కథ. మొదటి చరణం ఇది:

కొమ్మ మీద చిన్ని ఆకు ఉంది.
అటు ఊగింది, ఇటు ఊగింది.
గాలి వచ్చింది. మెల్లగా వచ్చింది.
జో జో ఆకూ, అంది గాలి.
ఆకు నిద్రపోయింది.

ఇందులో 20 మాటలున్నాయి. రెండో చరణంలో కొలనులోని చిన్ని అలను జోకొట్టాలనుకున్నాను. కానీ అలను పిలిస్తే ‘అలా’ అవుతుంది. ‘జో జో అలా’ అని వినబడగానే పెద్దవాళ్లకే అర్థం మారిపోతుంది, పసివాళ్లు మరీ తికమక పడతారు. అందుకని అలను తీసేసి కలువను పెట్టాను. తెలుగులో పేరు పిలుపుగా మారేటప్పుడు చివరి అచ్చు సాగుతుంది. ఆ సాగదీత జోలకు చక్కగా సరిపోతుంది, కానీ ప్రతి పేరునూ ఇలా పిలిచి చూసుకున్నాకే ఖాయం చేసుకోవాలి. రెండో చరణం కలువ పేరుతో దాదాపు మొదటిదానిలాగే నడుస్తుంది. పసిపిల్లలకు పల్లవి పట్టుబడాలంటే కనీసం రెండుసార్లు మార్పు లేకుండా వినబడాలి కాబట్టి ఇక్కడ తొందరపడి కోత పెట్టకండి. కోత మూడో చరణంలో మొదలవుతుంది:

గూటిలో చిన్ని గువ్వ ఉంది.
గాలి వచ్చింది. మెల్లగా వచ్చింది.
జో జో గువ్వా.
గువ్వ నిద్రపోయింది.

ఊగడం పోయింది, ‘అంది గాలి’ కూడా పోయింది. ఎవరు అంటున్నారో పిల్లలకు ఈపాటికి తెలుసు. నాలుగో చరణంలో మీ కుందేలు వస్తుంది:

పొదలో చిన్ని కుందేలు.
గాలి వచ్చింది.
జో జో.
నిద్రపోయింది.

ఇక్కడికి 8 మాటలే మిగిలాయి. చివరి చరణంలో నిద్రపుచ్చడానికి ఇంకెవరూ లేరు కనుక గాలే పడుకుంటుంది: ‘గాలి… మెల్లగా… నిద్రపోయింది. జో… జో…’

మాటలు తగ్గాయి కదా అని చరణం నిడివి తగ్గకూడదు. మొదటి చరణంలో గాలి సవ్వడికి 3 సెకన్లు, మాటలకు సుమారు 20 సెకన్లు, ప్రతి వాక్యం తర్వాత రెండేసి సెకన్ల విరామం కలిపితే 35 సెకన్లు పడుతుంది. నాలుగో చరణంలో మాటలకు 10 సెకన్లు చాలు. అయినా విరామాలను ఐదారు సెకన్లకు పెంచి, దాన్నీ 35 సెకన్ల దగ్గరే ఉంచాలి. అప్పుడు కథ వేగం పిల్లలకు తెలియకుండానే తగ్గుతుంది. విరామాలను కథ చెప్పేవారి ఊహకు వదిలేయకండి. స్క్రిప్టులో గీతలతో గుర్తు పెట్టండి, ఒక గీత అంటే 2 సెకన్లని మొదటి పేజీలోనే రాయండి. గుర్తు లేకపోతే రికార్డింగులో ఎంత నిదానస్తులైనా మౌనాన్ని మింగేస్తారు, ఎందుకంటే మైకు ముందు 5 సెకన్ల నిశ్శబ్దం చాలా పొడవుగా తోస్తుంది.

ఇక ప్రశ్నల సంగతి. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, ముగిసేచోట గొంతు సహజంగా కిందికి వాలుతుంది. ‘నిద్రపోయింది’ అన్నప్పుడు ఆ వాలు వినబడుతుంది. ప్రశ్నలో గొంతు తరచూ పైకి లేస్తుంది, పైగా జవాబు చెప్పాలన్న ఆరాటం పిల్లల్లో మొదలవుతుంది. పగటి కథకు అది ప్రాణం, రాత్రి కథకు చేటు. మీ ఐదు ప్రశ్నలనూ తీసేయమని అడగడం నాకూ కష్టంగానే ఉంది, ఎందుకంటే వాటిలో కుందేలు గొంతు ఎంతో ముద్దుగా పలికింది. అయినా తీసేయాలి. అక్షరాల బరువును కూడా వినండి. మ, న, ల, వ ఉన్న మాటలు, నిండుసున్నలు, దీర్ఘాలు నోట్లో మెత్తగా సాగుతాయి. ‘టపటప’, ‘దభీమని’, ‘చటుక్కున’ వంటివి తట్టి లేపుతాయి. ‘వచ్చింది’లోనూ ద్విత్వం ఉంది కదా అని మీరు అడగవచ్చు. అటువంటివి లేకుండా తెలుగు రాయలేం. పల్లవి మొదటి మాటా చివరి మాటా మెత్తగా ఉంటే మధ్యలో వచ్చే ద్విత్వాన్ని కథ చెప్పేవారి నిదానం సర్దుకుంటుంది.

మెత్తని గొంతు అనగానే చాలామంది గుసగుసగా చదువుతారు. గుసగుసలో స్వరం ఉండదు, ఊపిరి రాపిడి మాత్రమే ఉంటుంది. మైకు దగ్గరగా పట్టుకుంటే స, శ అక్షరాలు ఈలలా గుచ్చుకుంటాయి. కనుక ‘గుసగుసగా’ అని స్క్రిప్టులో రాయకండి. ‘ఒళ్లో పడుకున్న బిడ్డకు మాత్రమే వినబడేలా, నిండు స్వరంతో’ అని రాయండి.

సవ్వడుల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మీ స్క్రిప్టు అక్కడే ఎక్కువ దెబ్బతింది. ఉడుత కిచకిచ, కప్ప బెకబెక, గుడ్లగూబ కూత అన్నీ కొత్త చప్పుళ్లే. కొత్త చప్పుడు వినగానే తల అటు తిప్పడం మన శరీరానికి పుట్టుకతో వచ్చిన గుణం. అదే చప్పుడు అదే తీరులో మళ్లీ మళ్లీ వస్తే ఆ స్పందన మెల్లగా సన్నగిల్లుతుంది. మీరు ఐదు జంతువులతో ఐదుసార్లు ఆ తలను తిప్పించారు. అందుకే నేను కథంతటికీ ఒకే సంకేతం ఉంచాను. ‘గాలి వచ్చింది’ అనే మాటకు ముందు ప్రతిసారీ గాలి సవ్వడి వస్తుంది. రెండు చరణాలు గడిచేసరికి, సవ్వడి వినగానే తర్వాత వచ్చే మాట పిల్లలకు తెలిసిపోతుంది. తెలిసినది తెలిసినట్టే రావడం వారిని స్థిమితపరుస్తుంది.

స్క్రిప్టులో ‘గాలి శబ్దం’ అని మాత్రమే రాస్తే ఎడిటింగు చేసేవారు ఈదురుగాలి పెట్టినా తప్పుపట్టలేరు. ఇలా రాయండి: ‘గాలి సవ్వడి 2 సెకన్లలో సున్నా నుంచి మెల్లగా పెరగాలి, ఒక సెకను నిలవాలి, మాట మొదలవగానే సగానికి తగ్గాలి, పల్లవి ముగిసేలోగా కరిగిపోవాలి.’ దీని అడుగున మొదటి నుంచి చివరి వరకు తెగకుండా సాగే ఒక సన్నని రాత్రి సవ్వడి కూడా కావాలి. అది లేకపోతే, మాట వచ్చినప్పుడల్లా రికార్డింగు గదిలోని సన్నని హోరు మొదలవుతుంది, మాట ఆగగానే తెగుతుంది. విరామాలు పొడవైన కథలో ఈ తెగడం మరీ స్పష్టంగా వినబడుతుంది. రికార్డింగు రోజున ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి ఉంచమని అడగండి, అతుకులు వేయడానికి అది అక్కరకొస్తుంది.

పూర్తయిన వీడియోను ఫోను స్పీకరులో తప్పక వినండి. చిన్న స్పీకరు మంద్ర ధ్వనులను సరిగా పలికించలేదు. స్టూడియోలో మెత్తగా విన్న గాలి ఫోనులో పైస్థాయి రాపిడిగా మాత్రమే మిగిలి, ఏదో వేగుతున్న చప్పుడులా వినబడవచ్చు. అలా వినబడితే గాలి సవ్వడిలోని పైస్థాయిని తగ్గించమని చెప్పండి. దాని వాల్యూము మాత్రమే తగ్గిస్తే ఆ గరుకుతనం పోదు.

బొమ్మల గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏడాది వయసు పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని, తక్కువైతే మరింత మేలని చెబుతున్నాయి. కాబట్టి తెరను గోడవైపు తిప్పి వింటే కూడా పూర్తిగా అర్థమయ్యేలా కథ రాయడం మన బాధ్యత. బొమ్మలో కనిపించి మాటలో లేని సంగతి ఒక్కటి కూడా ఉండకూడదు. మీ స్క్రిప్టులో ముళ్లపంది బోర్లా పడడం బొమ్మలో మాత్రమే ఉంది. అది పిల్లలను తెరవైపు లాగుతుంది. చరణానికి ఒకే బొమ్మ, అది కూడా ముందుదానికంటే కొంచెం చీకటిగా, నాలుగైదు సెకన్లలో ఒకదానిలోంచి మరొకటి కరుగుతూ వస్తే చాలు.

ముగింపు దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదు. తొలినాళ్లలో ఒక కథ చివర, అయిపోయిందని తెలియడానికి, చిన్న గంట మోగించమని రాశాను. పాప సరిగ్గా ఆ గంటకే రోజూ కళ్లు తెరుస్తోందని ఒక తల్లి ఉత్తరం రాశారు. అప్పటి నుంచి నా కథలకు ముగింపు గుర్తు ఉండదు. చివరి ‘జో’ తర్వాత రాత్రి సవ్వడి, దాదాపు చీకటైన తెర రెండు నిమిషాలు అలాగే సాగి, ఆఖరి 30 సెకన్లలో కరిగిపోతాయి. ఆ రెండు నిమిషాల్లో పెద్దవారు ఫోను తీసి ఆపేయగలుగుతారు, తర్వాతి వీడియో హోరుతో మొదలయ్యే ప్రమాదం తప్పుతుంది. యూట్యూబులో 8 నిమిషాలు, అంతకు మించిన వీడియోల మధ్యలో ప్రకటనలు పెట్టే వీలుంది. మన కథ తోకతో కలిపి ఆరు నిమిషాలు దాటదు కనుక ఆ బెడద రాదు. నిడివి పెంచమని ఎవరైనా అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

పని కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పిల్లల నోటిని గమనించండి. కొన్ని రాత్రులు విన్నాక, రెండో చరణంలో వారు పల్లవిని పైకి అంటారు, మూడో చరణంలో పెదవులు మాత్రమే కదుపుతారు, నాలుగో చరణానికి అదీ ఆగుతుంది. నాలుగో చరణంలో ‘అదేంటి?’ అని అడిగితే అక్కడ ఏదో కొత్తది చొరబడింది. అది మాటా, సవ్వడా, బొమ్మా అని వెతికి తీసేయండి. అయిదో చరణంలో కూడా పైకే అంటుంటే మీ మెట్లు చాలినంత దిగలేదని అర్థం. అప్పుడు మూడో చరణం నుంచే ఇంకో రెండు మాటలు తీసి చూడండి.

గాలి కథను మీరు అలాగే వాడుకోనక్కర్లేదు. మీ కుందేలు పిల్లతోనే, ప్రశ్నలు లేకుండా, ఒకే సవ్వడితో మళ్లీ రాయండి. గుడ్లగూబ మీకు మరీ ఇష్టమని తెలుసు, దాన్ని పగటి కథ కోసం దాచుకోండి. తిరగరాశాక కాగితం పంపకుండా, మూడో, నాలుగో చరణాలను మీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసి పంపితే, విరామాలు లెక్కపెట్టి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి