మేనకోడలికి, ఏడుగురి ఇంటి లెక్క గురించి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మీ తాతగారి ఇంటి ఖర్చుల లెక్క ఇకపై నువ్వే చూస్తానని ఒప్పుకున్నావని అక్క ఫోనులో చెప్పింది. ఎంతో సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

రసీదులన్నీ ఒకచోట దాచు, ఫోటో తీసి ఆ రోజే అందరికీ పంపు. పన్ను గడువుకు నెల ముందే డబ్బు వసూలు చెయ్యి. ఒక్కరు ఆలస్యం చేసినా బకాయి ఆ ఒక్కరి వాటాకే పరిమితం కాదు. ఇల్లు మొత్తం మీద పడుతుంది, వడ్డీతో సహా.

ఖర్చును ఏడుగురికీ సమానంగా పంచుతానన్నావట. తొందరపడకమ్మా. మీ పెదనాన్నకు ఒక్కడే కొడుకు, మీ నాన్నకు మీరిద్దరు, బాబాయికి నలుగురు. ఏడాది ఖర్చు 84 వేలు అనుకుందాం. తలకింత అని లెక్కేస్తే ఒక్కొక్కరికి 12 వేలు. కానీ ఇల్లు ముగ్గురు అన్నదమ్ములకు సమానంగా వచ్చి, వాళ్ల వంతులు పిల్లలకు దిగి ఉంటే, పెదనాన్న కొడుక్కి 28 వేలు, నీకూ మీ తమ్ముడికీ 14 వేల చొప్పున, బాబాయి పిల్లలకు 7 వేల చొప్పున పడుతుంది. రేపు ఇల్లు అమ్మితే డబ్బు ఏ వంతున వస్తుందో, ఖర్చు కూడా ఆ వంతునే భరించాలి. లేకపోతే పన్నెండో వంతు హక్కున్నవాళ్లు ఏడో వంతు ఖర్చు మోస్తారు. మీ పిన్నికి బాబాయి వంతులో భాగం ఉంటే ఆ వంతుకు పడే 28 వేలు అయిదుగురి మధ్యకు వెళ్తుంది. ముందు కాగితాలు చూడు, తర్వాతే అంకెలు వెయ్యి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

మా పెదనాన్న, బాబాయిల పిల్లలతో కలిసి మాకూ ఒక పాత ఇల్లుండేది. పద్నాలుగేళ్లు దాని పన్ను నేనే కట్టాను. ఎవరినీ అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అనుకున్నాను. నిజానికి పెద్దరికం నాదేనన్న తృప్తి కూడా ఉంది. ఒక ఏడు వాననీటి గొట్టంలో ఆకులు నిండి నీరు గోడలోకి దిగింది. దూలం గోడలో కూర్చున్న చోట నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. దాన్ని మార్పించాను. పనివాళ్లు ఎలాగూ ఉన్నారు కదా అని నేను వెళ్లినప్పుడు పడుకునే గదికి కొత్త నేల కూడా వేయించాను. చివరికి పద్నాలుగేళ్ల పన్ను, దూలం, నేల అన్నీ ఒకే కాగితం మీద రాసి అందరికీ పంపాను.

మా పెద్దన్నయ్య ఒకటే అడిగాడు: "రసీదులన్నీ నీ పేరునే ఎందుకున్నాయిరా?" ఇల్లు నాదనిపించుకోవడానికే ఇన్నేళ్లూ కట్టానని వాళ్లకు అనిపించింది. పన్ను రసీదు హక్కు పత్రం కాదని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. పైగా ఆ గది నేల ఎవరికి కావాలని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క పద్దు వల్ల న్యాయంగా రావలసిన దూలం డబ్బు కూడా రాలేదు. డబ్బు పోతే పోయింది తల్లీ, ఆ అన్నయ్య పోయేదాకా మా గడప తొక్కలేదు.

అందుకే చెబుతున్నాను. ఇల్లు నిలబడటానికి తప్పనివి వేరు, అంటే పన్ను, పైకప్పు, గోడలు, వాననీటి దారి. అవి వంతుల ప్రకారం అందరివీ. అక్కడ ఉండేవాళ్లు వాడుకున్న కరెంటు, నీళ్లు వాళ్లవే. బాగుంటుందని చేయించేది ఇంకొక రకం, అందరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే దాన్ని మొదలుపెట్టు, లేదా కోరినవాళ్లే పెట్టుకోవాలి. అనుకోకుండా పైకప్పు కారితే అందరి జవాబు వచ్చేదాకా ఆగకూడదు కాబట్టి, ఎంతవరకు అడగకుండా ఖర్చు పెట్టవచ్చో ముందే ఒక మొత్తం నిర్ణయించుకోండి. ఇల్లు చూడటానికి వెళ్లివచ్చే ఛార్జీలు కూడా ఖర్చులోనే రాయి. మొహమాటపడి నీ చేతి డబ్బు పెట్టావో, నా చేత గట్టిగా తిట్టించుకుంటావు.

ఎవరైనా ఒక ఏడు కట్టలేకపోతే మౌనంగా సర్దేయకు. ఫలానావాళ్ల వంతు ఫలానావాళ్లు కట్టారని రాసి, అందరికీ చూపించు. తీర్చడానికి గడువు ఇవ్వవచ్చు, లెక్కలోంచి మాత్రం తీసేయకు.

వానలు మొదలయ్యేలోపు ఒకసారి అటక ఎక్కి దూలాల చివర్లు నొక్కి చూడు. నిచ్చెన కింద ఎవరినైనా పట్టుకోమను, ఒక్కదానివే ఎక్కకు. నువ్వు రాసిన మొదటి లెక్క అన్నదమ్ములకు పంపే ముందు నాకు పంపు.

మీ మామయ్య