కుండీల్లో గులాబీల మీద ఈబుక్: ఎక్కడ మొదలుపెట్టాలి, ధర ఎంత?

ప్రశ్న: మాది కడియం, నర్సరీ ఉంది. కుండీల్లో గులాబీల పెంపకంపై చిన్న ఈబుక్ రాసి ఆన్‌లైన్‌లో అమ్మాలి. ఎలా?

ముందు గులాబీ గురించి అంతా చెప్పాలన్న ఆలోచన వదిలేయండి. "కొనుక్కెళ్లిన మొక్క మళ్లీ పూయట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లుంటారు కదా, పుస్తకం వాళ్లకోసమే. కుండీ మార్చడం, ఎండ, వాడిన పువ్వు కింద ఐదు ఆకుల రెమ్మ పైన కత్తిరించడం, ఎరువు, రెండో పూత. ఈ ఐదే అధ్యాయాలు, పాతిక పేజీలు చాలు. కత్తిరింపు దగ్గర మాత్రం ఆగి, కత్తెర ఎక్కడ పడాలో కనిపించేలా మీ తోటలోనే దగ్గరగా ఫొటోలు తీయండి, ఎందుకంటే మాటల్లో ఎంత చెప్పినా అక్కడే తప్పు చేస్తారు.

నేను మొదటి గైడ్ ఏ4 సైజులో చేశాను, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపించి చాలామంది డబ్బు వెనక్కి అడిగారు. ఫోన్ తెరలా నిలువు పేజీ పెట్టుకోండి. యూనికోడ్ ఫాంట్‌ను పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేసి, అంటే ఫాంట్ కూడా ఫైల్‌లోనే ఉండేలా చేసి, వేరే ఫోన్‌లో తెరవండి, వత్తులు విడిపోతే అక్కడే తెలుస్తుంది.

కవర్‌ను బొటనవేలి గోరంత చేసి చూడండి, పేరు చదవలేకపోతే మాటలు తగ్గించండి.

ధర 149 రూపాయలు పెట్టండి. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటే పోయేది మూడున్నర రూపాయలే.