పొద్దుటి బీచ్ పోర్ట్రెయిట్‌కి రా ఫైల్ మేలా, జేపెగ్ చాలా?

"ఆర్కే బీచ్‌లో పొద్దున్నే తీసిన ఫొటోలో చెల్లి మొహం నల్లగా, వెనక ఆకాశం తెల్లగా వచ్చింది. జేపెగ్‌లోనే సరిచేయొచ్చా?"

మొహం కొంత తేలుతుందండీ, ఆకాశం మాత్రం రాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. అన్నిటికంటే పై మెట్టు 255 తాకిన చోట హైలైట్స్ తగ్గిస్తే తెలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది, అంతే. నీడల్ని ఒక స్టాప్ దాటి, అంటే వెలుగు రెట్టింపు కంటే ఎక్కువయ్యేలా లేపితే చెంపల మీద రంగు మచ్చలు మచ్చలుగా విరుగుతుంది.

సెన్సర్ పట్టిన డేటాను ఉన్నదున్నట్టు దాచే 14 బిట్ రా ఫైల్‌లో అయితే 16,384 మెట్లు. నేనూ అక్కడే, సముద్రం మీద సూర్యుడు లేస్తుంటే, ఆకాశం తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి రాలో తీశాను. ఇంట్లో మొహాన్ని రెండున్నర స్టాప్‌లు లేపితే కాస్త నాయిస్ వచ్చింది గానీ చర్మం రంగు చెడలేదు. హైలైట్స్‌లో రా కూడా సుమారు ఒక స్టాపే కాపాడుతుంది. సెన్సరే నిండిపోతే ఇక చేసేదేమీ లేదు. అందుకే మొహం చీకటైనా సరే, ఆకాశానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టి రాలో తీయండి.