బెంగళూరు పరిచయాలతో డాలస్‌లో మొదటి వెబినార్

ప్రశ్న: బెంగళూరులో ఆరేళ్లు డేటా ఇంజనీరుగా పనిచేసి ఈమధ్యే హెచ్‌-1బీ మీద డాలస్ వచ్చాను. ఇక్కడ మా టీమ్ తప్ప ఎవరూ తెలియదు. ఒక ఉచిత వెబినార్ పెట్టుకుంటే పరిచయాలు పెరుగుతాయని అంటున్నారు. వినడానికి ఎవరొస్తారు? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: డాలస్‌లో ఎవరూ తెలియకపోయినా బెంగళూరులో మీకు ఆరేళ్ల పరిచయాలున్నాయి. మారతహళ్ళి పీజీలో కలిసి ఉన్నవాళ్లు, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో పక్క సీట్లవాళ్లు, ఉద్యోగం మారి వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామందికి అమెరికాలో ఒక అన్నయ్యో, బావగారో, పాత మేనేజరో ఉంటారు. ముందు బెంగళూరువాళ్లను పిలవండి, వాళ్ల ద్వారా ఇక్కడివాళ్లను చేరండి. పన్నెండు మంది వస్తే చాలు. వంద మంది వస్తే ఎవరితోనూ మాట కలవదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం విషయం ఎంచుకోవడానికి పెట్టండి. ‘క్లౌడ్ డేటా భవిష్యత్తు’ లాంటి పేరు పెడితే కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవాళ్లే వస్తారు. మీకు కావలసింది మీతో సమానంగానో, ఒక మెట్టు పైనో పనిచేసేవాళ్లు. వాళ్లు రావాలంటే సోమవారం ఆఫీసులో వాడుకోగలిగినది ఏదో దొరకాలి. ఉదాహరణకు మీరు స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా సేవ మీద పనిచేసేవారైతే ‘స్నోఫ్లేక్ బిల్లు ఎక్కడ పెరుగుతోందో అరగంటలో పట్టుకోవడం’ అని పెట్టండి. ఆ బిల్లుకు జవాబు చెప్పాల్సినవాళ్లు టీమ్ లీడ్‌లు, మేనేజర్లు. ఆ పేరు చూసి వాళ్లు ఆగుతారు. చెప్పాల్సింది కూడా చిన్నదే. స్నోఫ్లేక్‌లో క్వెరీలు నడిపే యంత్రాలను వేర్‌హౌస్ అంటారు. పని లేనప్పుడు దాన్ని ఆపే `AUTO_SUSPEND` 600 సెకన్ల మీద ఉంటే, క్వెరీ అయిపోయాక కూడా వేర్‌హౌస్ పది నిమిషాలు ఖాళీగా తిరుగుతుంది, దానికీ డబ్బు పడుతుంది. అలాగని మరీ తగ్గించినా లాభం లేదు, ఎందుకంటే వేర్‌హౌస్ లేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్ల ఛార్జీ వేస్తారు. ఒక టీమ్‌కు ఏ అంకె సరిపోతుందో ఎలా తేల్చాలో చూపిస్తే ఇరవై నిమిషాలు నిండిపోతాయి.

చూపించేటప్పుడు ఆఫీసు ఖాతా తెరవకండి. టేబుళ్ల పేర్లు కనిపించినా అది కంపెనీ సమాచారమే అవుతుంది. ట్రయల్ ఖాతా తెరిచి అందులో నమూనా డేటాతో చూపించండి. వేర్‌హౌస్ ఖర్చు చూపే `WAREHOUSE_METERING_HISTORY`లో లెక్కలు పడడానికి మూడు గంటల దాకా పట్టవచ్చు. కాబట్టి క్వెరీలన్నీ ముందురోజే నడిపి ఉంచుకోండి. అప్పటికప్పుడు నడిపితే అందరి ముందూ ఖాళీ టేబుల్ కనిపిస్తుంది.

ఇంకో మాట. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పనిచేయాలి. అందుకని టికెట్ పెట్టడం, విరాళం అడగడం, రికార్డింగును యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల డబ్బు తీసుకోవడం వద్దు. మీ కంపెనీలో బయట మాట్లాడడానికి అనుమతి తీసుకోవాలన్న నియమం ఉంటే, తేదీ ప్రకటించే ముందే మేనేజరుకు ఒక మెయిల్ పెట్టండి.

సమయం శనివారం ఉదయం డాలస్‌లో పది గంటలు పెట్టండి. వేసవిలో బెంగళూరులో అది రాత్రి ఎనిమిదిన్నర, కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిది. నవంబరులో ఇక్కడ గడియారం వెనక్కి జరిగాక బెంగళూరులో తొమ్మిదిన్నర అవుతుంది. మామూలు రోజు డాలస్‌లో ఉదయం ఏడుకు పెడితే బెంగళూరులో సాయంత్రం ఐదున్నర అవుతుంది, ఆ వేళకి వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో ఉంటారు. సంక్రాంతి, దసరా పక్కనున్న శనివారాలు వదిలేయండి. అప్పుడు బెంగళూరు తెలుగువాళ్లంతా ఊళ్లకు వెళ్లే బస్సుల్లో ఉంటారు.

పిలుపులు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అసలు చేరదు. పెద్ద గ్రూపులో పోస్టర్ వేస్తే గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్య కలిసిపోతుంది. అరవై మందికి విడివిడిగా రాయండి. రోజుకు ఆరుగురు చొప్పున పది రోజుల్లో అయిపోతుంది. ‘అన్నా, మీ టీమ్ స్నోఫ్లేక్‌కు మారిందని విన్నాను. బిల్లు మీద శనివారం ఇరవై నిమిషాలు మాట్లాడుతున్నా. డాలస్‌లో గానీ ఆస్టిన్‌లో గానీ ఈ పని చూసేవాళ్లు మీకు తెలిస్తే ఒకరికి చెప్పగలరా?’ అన్నంత చాలు. ఆ చివరి వాక్యం వదిలేస్తే బెంగళూరువాళ్లు మాత్రమే వస్తారు. దాన్ని ‘అందరికీ ఫార్వర్డ్ చేయండి’ అని మార్చకండి. ఒకరికి చెప్పమంటే మనిషి ఆలోచించి సరైనవాళ్లకు చెబుతాడు.

పేర్లు తీసుకోవడానికి గూగుల్ ఫామ్ సరిపోతుంది. పేరు, మెయిల్, ఊరు, చేసే పని అడగండి. వాటితో పాటు ‘ఈ విషయంలో మీకు ఇప్పుడున్న చిక్కు ఏమిటి?’ అనీ, ‘మీ పేరు, మెయిల్ మిగతావాళ్లకు ఇవ్వవచ్చా?’ అనీ రెండు ప్రశ్నలు పెట్టండి. మొదటిదాని జవాబులు మీ ప్రసంగానికి, రెండోదాని జవాబులు తర్వాత ఇద్దరిని కలపడానికి అక్కరకొస్తాయి. ఉచితంగా పేరిచ్చినవాళ్లలో సగం కన్నా తక్కువ వస్తారని అనుకోండి. ముప్పై పేర్లుంటే పన్నెండు మంది వస్తారు.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు మీటింగ్ తెగిపోతుంది, సరిగ్గా ప్రశ్నలు ఊపందుకునే వేళకి. ఉచిత గూగుల్ మీట్‌లో గంట దొరుకుతుంది, రికార్డింగ్ మాత్రం ఉండదు. పరిచయాల కోసం పెట్టేదానికి మీట్ మేలు. రికార్డింగ్ లేదని ముందే చెబితే జనం తమ టీమ్‌లో జరిగిన తప్పులు కూడా నోరు విప్పి చెబుతారు. లింకును ఎక్కడా వేయకుండా, పేరిచ్చినవాళ్లకు గూగుల్ క్యాలెండర్ ఆహ్వానంగా పంపండి. ఎవరి ఊరి సమయం వాళ్లకే కనిపిస్తుంది, గంటల లెక్క తప్పదు. పంపేముందు See guest list దగ్గర టిక్ తీసేయండి, లేకపోతే అందరి మెయిళ్లూ అందరికీ కనిపిస్తాయి. వేరే మెయిల్‌తో వచ్చినవాళ్లు మీరు లోపలికి రానిచ్చేదాకా తలుపు దగ్గరే ఆగుతారు. స్క్రీన్ చూపిస్తున్నప్పుడు అది మీ కంట పడదు. అందుకని అదే ఖాతాతో ఫోన్‌లోనూ చేరి, మైకూ స్పీకరూ ఆపేసి పక్కన పెట్టుకోండి. ఆపకపోతే గొంతు ప్రతిధ్వనిస్తుంది.

ఇరవై నిమిషాలు చెప్పి, ముప్పై నిమిషాలు మాటలకు వదిలేయండి. ఫామ్‌లో రాసినవాళ్లను పేరుతో పిలిచి ‘మీరు రాసిన చిక్కు ఇంకొంచెం వివరంగా చెబుతారా?’ అని అడిగితే మౌనం ఉండదు. ఒక స్నేహితుడిని ఎవరొచ్చారు, ఏం అడిగారు అని రాసుకోమనండి. హాజరు పట్టిక ఉచిత ఖాతాలో రాదు.

అదే రోజు సాయంత్రానికల్లా మాట్లాడిన ప్రతి ఒక్కరికీ విడిగా రాయండి. ‘వేర్‌హౌస్‌ను టీమ్‌కొకటి పెట్టాలా అని అడిగారు కదా, అప్పుడు పూర్తిగా చెప్పలేకపోయాను’ అని మొదలుపెట్టి నాలుగు వాక్యాల్లో జవాబు ఇవ్వండి. రెజ్యూమె పంపకండి, ఉద్యోగాల మాట ఎత్తకండి. రానివాళ్లకు నిష్ఠూరం లేకుండా ఒక పేజీ సారాంశం పంపండి. వాళ్లలోంచే కొందరు జవాబిస్తారు. రెండో వారంలో, ఫామ్‌లో ఒప్పుకున్నవాళ్లలో ఒకే చిక్కు రాసిన ఇద్దరిని ఒక మెయిల్‌లో కలపండి. మూడో వారంలో డాలస్ చుట్టుపక్కల ఉన్న ఇద్దరు ముగ్గురిని, ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో, అరగంట కాఫీకి రమ్మనండి. వాళ్ల టీమ్ ఏ పని చేస్తోందో అక్కడ అడగండి. ఖాళీల గురించి ఆ మాటల్లో వాళ్లే ఎత్తితే అప్పుడు రెజ్యూమె పంపవచ్చా అని అడగండి.